పొలం అమ్మితే పన్ను పడుతుందా? మున్సిపాలిటీ హద్దు నుంచి కొలత ఎలా వేస్తారు?

(దుగ్గిరాల, తెనాలి వైపు రైతులతో ఒక పన్నుల ప్రాక్టీషనర్ మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని టైప్ చేసినవి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఆ ఫ్యాన్ ఒక్కటి తగ్గించండి, రికార్డింగ్‌లో శబ్దం వస్తుంది.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే కాగితం పట్టుకొస్తున్నారండి. పొలం అమ్మారు, రిజిస్ట్రేషన్ అయిపోయింది, డబ్బు బ్యాంకులో పడింది, కొన్నాళ్ళకి ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్ళ దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. వాళ్ళు అడిగే మొదటి మాట ఏంటంటే, "వ్యవసాయ భూమికి పన్ను లేదుగదండీ, నాకెందుకు వచ్చింది?" అని. ఈరోజు ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. మిగతావి కలిపితే గందరగోళం అవుతుంది.

వ్యవసాయ భూమికి పన్ను లేదు అనే మాట సగమే నిజం. పంట మీద వచ్చే ఆదాయానికి సెంట్రల్ ఇన్‌కమ్‌ట్యాక్స్ లేదు, అది నిజం. కానీ భూమి అమ్మితే వచ్చే లాభం వేరే సంగతి. అక్కడ చట్టం ఒక్కటే అడుగుతుంది, ఈ పొలం పల్లెటూరి పొలమా, పట్నం పొలమా అని. పల్లెటూరి పొలమైతే దాన్ని అసలు క్యాపిటల్ అసెట్ అనే లెక్కలోకే తీసుకోదు, కోటి వచ్చినా పది కోట్లు వచ్చినా దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. పట్నం పొలం అంటే మాత్రం, అందులో మీరు నిన్నటిదాకా పసుపు తవ్వినా, కంద తవ్వినా, అరటి గెల కోసినా సరే, సైటు అమ్మినట్టే లెక్క.

మరి పల్లెటూరా పట్నమా అని ఎవరు తేలుస్తారు? పంచాయతీలో ఉంది కాబట్టి పల్లెటూరు అనుకుంటాం మనం. కాదండి. పంచాయతీలో ఉన్నా పట్నం కావచ్చు. కిలోమీటర్లే తేలుస్తాయి.

లెక్క చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. మున్సిపాలిటీ లోపల పొలం ఉండి, ఆ మున్సిపాలిటీ జనాభా పదివేలు లేదా అంతకంటే ఎక్కువైతే అది పట్నం పొలమే, ఇంక దూరంతో పని లేదు. మున్సిపాలిటీ బయట ఉంటే, ఆ మున్సిపాలిటీ జనాభా పదివేలు దాటి లక్ష లోపైతే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్ల దాకా పట్నమే. జనాభా లక్ష దాటి పది లక్షల లోపైతే 6 కిలోమీటర్లు. పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. ఇంతేనండి. నగర పంచాయతీ అన్నా, కార్పొరేషన్ అన్నా, కంటోన్మెంట్ అన్నా అన్నిటికీ ఇదే.

2026 ఏప్రిల్ నుంచి కొత్త ఇన్‌కమ్‌ట్యాక్స్ చట్టం వచ్చింది కదా, సెక్షన్ నంబర్లు మారాయి, ఈ 2, 6, 8 లెక్క మాత్రం మారలేదు. కంగారు పడక్కర్లేదు.

వినడానికి తేలిగ్గానే ఉంది. పేచీ అంతా ఎక్కడ వస్తుందంటే, ఆ దూరం ఎక్కడి నుంచి, ఎలా, ఏ రోజున కొలవాలి అన్న దగ్గర. మీ చేతిలో కాగితం ఉన్నా నిలబడకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. ఒక్కొక్కటీ చూద్దాం.

ఎక్కడి నుంచి? బస్టాండ్ నుంచి కాదు, రైల్వే స్టేషన్ నుంచి కాదు, మున్సిపల్ ఆఫీసు నుంచి అసలే కాదు. మున్సిపాలిటీ హద్దు నుంచి. మీరు ఫోన్‌లో మ్యాప్ తెరిచి తెనాలి అని కొడితే ఊరి మధ్యలో ఒక పిన్ను గుచ్చుతుంది, అక్కణ్నుంచి మీ పొలానికి పది కిలోమీటర్లు చూపిస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. ఆ పిన్నుకీ చట్టానికీ సంబంధం లేదు. మున్సిపాలిటీ హద్దు మీ పొలం వైపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కణ్నుంచి కొలవాలి.

ఎలా? రోడ్డు దూరం కాదు, ఆకాశం దూరం. హద్దు దగ్గర ఒక మనిషి, పొలం గట్టు మీద ఒక మనిషి నిలబడి మధ్యలో తాడు బిగించి లాగినట్టు, ఆ తిన్నటి గీత ఎంతుందో అంత. మధ్యలో కాలవ ఉన్నా, డొంక చుట్టి రావాల్సి వచ్చినా లెక్కలోకి రాదు. మన డెల్టాలో ఇది చాలా పెద్ద తేడా తెస్తుందండి. కాలవ మీద వంతెన రెండు ఊళ్ళ అవతల ఉంటుంది, మీరు బండి మీద తిరిగి వస్తే ఎనిమిది కిలోమీటర్లు, తిన్నగా గీత గీస్తే అయిదున్నర. మీకు తెలిసింది ఎనిమిది. చట్టం చూసేది అయిదున్నర.

ఇక్కడ పెద్దవాళ్ళు కొంతమంది "ఇదివరకు రోడ్డు దూరమే కదండీ చూసేవాళ్ళు" అంటారు. అన్నమాట నిజమే. పాత చట్టంలో ఎలా కొలవాలో రాయలేదు, 1994లో ఒక నోటిఫికేషన్ ఇచ్చి ఊళ్ళ పేర్లు, దూరాలు చెప్పారు, పంజాబ్ హర్యానా హైకోర్టు లాంటి కోర్టులు రోడ్డు దారినే కొలవాలి అన్నాయి. 2013 ఫైనాన్స్ చట్టంలో దాన్ని మార్చేశారు. 2013 ఏప్రిల్ 1 నుంచి జరిగిన అమ్మకాలకి ఏరియల్ దూరమే, అంటే ఆకాశం దూరమే. అంతకుముందు అమ్మకాలకి రోడ్డు దూరమే చెల్లుతుందని డిపార్ట్‌మెంటు కూడా 2015లో సర్క్యులర్ ఇచ్చి ఒప్పుకుంది. అప్పటి మాటే ఇంకా ఊళ్ళో చలామణీ అవుతోంది, అందుకే ఇంత సేపు చెప్తున్నాను.

ఏ రోజున? అమ్మిన రోజున. మీరు కొన్న రోజున కాదు, మీ నాన్నగారి నుంచి వచ్చిన రోజున కాదు. అమ్మిన రోజుకి మున్సిపాలిటీ హద్దు ఎక్కడుందో అదే. దీనివల్లే మన దగ్గర మనుషులు దెబ్బతింటున్నారు. ఒక లెక్క వేసి చూపిస్తాను.

దుగ్గిరాల మండలంలో, పెదవడ్లపూడి వైపు ఒక ఎకరం పొలం అనుకోండి. ఆయన మనసులో ఉన్న పట్నం తెనాలి. తెనాలి జనాభా 2011 లెక్కల్లో లక్షా అరవై నాలుగు వేల పైన, అంటే 6 కిలోమీటర్లు. తెనాలి మున్సిపాలిటీ హద్దు నుంచి తిన్నగా కొలిస్తే 7 కిలోమీటర్లు వచ్చింది అనుకుందాం. దాటింది కదా, సంతోషంగా అమ్మేశాడు. ఏం మర్చిపోయాడు?

రెండో వైపు చూడలేదు! చట్టంలో ఉన్న మాట "ఏ మున్సిపాలిటీ అయినా" అని. మీరు సరుకులకి వెళ్ళే పట్నం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న ప్రతి మున్సిపాలిటీ నుంచీ కొలవాలి, ఏ ఒక్కదానికి లోపల పడినా పట్నం పొలమే. 2021లో మంగళగిరి, తాడేపల్లి రెండు మున్సిపాలిటీలనీ చుట్టుపక్కల పంచాయతీలనీ కలిపి మంగళగిరి తాడేపల్లి కార్పొరేషన్ చేశారు. పెదవడ్లపూడి, నూతక్కి, చినవడ్లపూడి ఇవన్నీ అందులోకి వెళ్ళాయి. అంటే కార్పొరేషన్ హద్దు మంగళగిరి ఊరి దగ్గర ఆగలేదు, దుగ్గిరాల మండలం గట్టు దాకా వచ్చేసింది. మన రైతు పొలం ఆ హద్దు నుంచి తిన్నగా 4 కిలోమీటర్లు అనుకోండి. మంగళగిరి ఒక్కటే 2011లో లక్ష దాటింది, కాబట్టి ఇటు చూసినా అటు చూసినా 6 కిలోమీటర్ల కోవే. అయిపోయింది, పట్నం పొలం.

ఇదే పొలం ఆ ఊళ్ళు కలవకముందు అమ్మి ఉంటే? అప్పుడు పాత మంగళగిరి మున్సిపాలిటీ హద్దు ఎంతో దూరం, ఈ పొలం 6 కిలోమీటర్ల బయట ఉండేది, రూపాయి పన్ను పడేది కాదు. పొలం కదల్లేదు, పంట మారలేదు, హద్దు వచ్చింది. ఇందులో రైతు తప్పేముంది చెప్పండి? ఊరిని కార్పొరేషన్‌లో కలిపినప్పుడు ఇంటిపన్ను గురించి అందరూ మాట్లాడారు, పక్క మండలంలో పొలం ఉన్నవాడికి దీనివల్ల ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు. నాకు బాధ కలిగించేది అదేనండి.

హైదరాబాద్ చుట్టూ ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2025 డిసెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల, చుట్టుపక్కల ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిపారు. అక్కడ మీ పిల్లలు కొన్న పొలాలుంటే, అమ్మే రోజుకి గెజిట్‌లో హద్దు ఏముందో చూసుకోమనండి, పది లక్షల పైన జనాభా ఉన్న కార్పొరేషన్ హద్దు నుంచి అయితే 8 కిలోమీటర్లు.

ఇంకొక మాట, సీఆర్డీఏలో ఉన్నా, హెచ్ఎండీఏలో ఉన్నా అది మున్సిపాలిటీ కాదు. అవి డెవలప్‌మెంట్ అథారిటీలు. "మాది సీఆర్డీఏ పరిధి కాబట్టి పట్నమే" అని భయపడి పన్ను కట్టినవాళ్ళు ఉన్నారు. అలా కట్టక్కర్లేదు, మున్సిపాలిటీ హద్దు నుంచి దూరమే చూడండి.

సరే, ఇప్పుడు ఆ ఎకరం మీద పన్ను ఎంతో చూద్దాం. తాతల నాటి పొలం, 2026 జనవరిలో 48 లక్షలకి అమ్మాడు. తాతల నాటిది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు, కానీ అప్పటి రిజిస్ట్రేషన్ విలువని మించకూడదు. అది రెండు లక్షలు అనుకుందాం. ఇప్పుడు రెండు దార్లు. ఇండెక్సేషన్ లేకుండా పన్నెండున్నర శాతం, లేకపోతే ఇండెక్సేషన్‌తో 20 శాతం. ఇండెక్సేషన్ అంటే ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి చూపించడం. ఈ రెండో దారి 2024 జూలై 23కి ముందు వచ్చిన భూములకి, ఇక్కడ ఉండే మనుషులకి, హిందూ ఉమ్మడి కుటుంబాలకి మాత్రమే. అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున ఉంటే ఈ ఎంపిక లేదు.

మొదటి దారిలో లాభం 46 లక్షలు. రెండో దారిలో రెండు లక్షలు ఇండెక్స్ 376 తో పెరిగి ఏడు లక్షల యాభై రెండు వేలు అవుతుంది, లాభం నలభై లక్షల నలభై ఎనిమిది వేలు, కానీ దాని మీద 20 శాతం. పాత పొలాలకి ధర బాగా పెరిగితే పన్నెండున్నరే చవక, ఇక్కడా అంతే. ఆయనకి వేరే ఆదాయం ఏమీ లేదు అనుకుంటే, కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో నాలుగు లక్షల బేసిక్ మినహాయింపు ఈ లాభంలోంచి తీసేయొచ్చు. మిగిలింది 42 లక్షలు, దాని మీద పన్నెండున్నర శాతం అంటే 5 లక్షల 25 వేలు, నాలుగు శాతం సెస్సు కలిపితే 5 లక్షల 46 వేలు. చిన్న మొత్తం కాదు కదా.

ఇప్పుడు దీన్ని తగ్గించుకునే దారి ఒకటి ఉంది, రైతుకే ప్రత్యేకంగా పెట్టింది. పట్నం పొలం అమ్మిన డబ్బుతో రెండేళ్ళ లోపు ఇంకో వ్యవసాయ భూమి కొంటే, కొన్న మేరకి లాభం మీద పన్ను లేదు. పాత చట్టంలో 54బి అంటారు. మన రైతు 30 లక్షలు పెట్టి ప్రకాశం వైపో, పల్నాడు వైపో పొలం కొన్నాడు అనుకోండి, 46 లో 30 పోయింది, మిగిలింది 16, అందులో నాలుగు బేసిక్ పోతే 12 లక్షలు, పన్ను లక్షన్నర, సెస్సుతో లక్షా 56 వేలు. ఎంత తేడా చూడండి.

దీనికి షరతులున్నాయి. అమ్మిన పొలంలో వెనకటి రెండేళ్ళు మీరు గానీ మీ అమ్మానాన్నలు గానీ వ్యవసాయం చేసి ఉండాలి. కొత్త పొలం మూడేళ్ళ దాకా అమ్మకూడదు. ఇంకా కొనకపోతే, రిటర్న్ గడువు లోపల, అంటే మామూలుగా జూలై 31 లోపల, కొనడానికి దాచిన డబ్బుని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్ అని ప్రత్యేక ఖాతా ఉంటుంది, అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలోనో ఎఫ్‌డీలోనో వేసి "రెండేళ్ళ టైముందిగా" అనుకుంటే చెల్లదు. 2026 జనవరిలో అమ్మినవాళ్ళకి ఆ ఏడాది జూలైయే గడువు, గుర్తుపెట్టుకోండి.

(కౌలుకి ఇచ్చిన పొలం సంగతి ఏంటని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న అండి. చట్టంలో "తనో, తన తల్లిదండ్రులో వ్యవసాయానికి వాడి ఉండాలి" అని ఉంది. కౌలుకి ఇస్తే ఆఫీసరు "నువ్వు చేయలేదుగా" అంటాడు, పేచీ పడుతుంది. అడంగల్‌లో సాగుదారు గడిలో ఎవరి పేరు ఉందో ముందు చూసుకోండి. అయితే ఒకటి, ఇది ఈ 54బి మినహాయింపుకి మాత్రమే. పల్లెటూరి పొలం అని దూరం లెక్కలో తేలితే కౌలుదారు చేశాడని పన్ను పడదు. ఆ రెండూ కలపకండి.

ఇంక సర్టిఫికెట్ల సంగతి. ఎక్కువమంది చేసే పని ఏంటంటే, నోటీసు వచ్చాక తహసీల్దార్ దగ్గరికి పోయి దూరం కాగితం తెస్తారు. అందులో "రోడ్డు మార్గాన పన్నెండు కిలోమీటర్లు" అని ఉంటుంది. ఆ కాగితం తీసుకెళ్తే ఆఫీసరు పక్కన పెట్టేస్తాడు, ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. కాగితంలో మూడు మాటలు ఉన్నాయో లేదో చూసుకోండి: ఏరియల్ దూరం అని ఉందా, మున్సిపాలిటీ హద్దు నుంచి అని ఉందా, ఏ తేదీ నాటికి అని ఉందా. "తెనాలి నుంచి" అని ఊరికే రాస్తే పనికిరాదు, "తెనాలి మున్సిపాలిటీ సరిహద్దు నుంచి" అని ఉండాలి. నేనైతే అమ్మకముందే లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో కొలిపించమంటాను, హద్దు మీద ఒక పాయింటు, పొలం దగ్గరి గట్టు మీద ఒక పాయింటు, రెండిటి అక్షాంశాలు రేఖాంశాలు రాసి స్కెచ్ ఇమ్మనండి. ఆ హద్దు ఎక్కడుందో మున్సిపల్ కమిషనర్ ఆఫీసు నుంచి ఒక లెటర్. 5.8 కిలోమీటర్లు, 6.2 కిలోమీటర్లు లాంటి దగ్గర పొలాలకి ఇది తప్పనిసరి.

దూరం ఒక్కటే సరిపోదు, అది అమ్మే రోజుకి వ్యవసాయ భూమిగానే ఉండాలి. కొనేవాడు రియల్ ఎస్టేట్ వాళ్ళైతే "ముందు మీరే కన్వర్షన్ చేయించి ఇవ్వండి, ఖర్చు మేం పెడతాం" అంటారు. చేయించకండి. 1993లో సూరత్ భూమి కేసులో సుప్రీంకోర్టు ఏం చూసిందంటే, ఇళ్ళ సొసైటీకి అమ్మడానికి ముందే వ్యవసాయేతర వాడకానికి అనుమతి తీసుకున్నారు, ఆ తర్వాత దున్నే ఉద్దేశం లేదు, కాబట్టి వ్యవసాయ భూమి కాదు అంది. కన్వర్షన్ కొన్నవాడు తన పేరున అయ్యాక చేయించుకుంటాడు. మీ పేరున ఉన్నప్పుడు జరిగితే, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నా పల్లెటూరి పొలం అనే రక్షణ పోతుంది.

(మరి డిపార్ట్‌మెంటుకి ఎలా తెలుస్తుంది అని ఒక అబ్బాయి అడిగాడు.)

బాబూ, పెద్ద మొత్తాలకి జరిగిన ప్రతి రిజిస్ట్రేషనూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వాళ్ళకి వెళ్తుంది. మీ పాన్ కింద ఏఐఎస్ అని ఒక స్టేట్‌మెంట్ ఉంటుంది, ఇన్‌కమ్‌ట్యాక్స్ పోర్టల్‌లో చూసుకోవచ్చు, అందులో మీ అమ్మకం కనపడుతుంది. కానీ అందులో "ఇది పల్లెటూరి పొలం" అని రాసి ఉండదు, అమ్మకం మొత్తం ఒక్కటే ఉంటుంది. కాబట్టి పన్ను పడని పొలమైనా సరే, రిటర్న్ వేసేవాళ్ళు మినహాయింపు ఆదాయం షెడ్యూల్లో చూపించండి. 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టాలి, అది పట్నం పొలానికే. పల్లెటూరి పొలానికి పట్టక్కర్లేదు, అయినా కొందరు పట్టేస్తారు, అప్పుడు ఆ సర్వేయర్ స్కెచ్ కొనేవాడికి కూడా చూపించండి.

(మున్సిపాలిటీ జనాభా ఏ లెక్కల ప్రకారం అని ఇంకొకరు.)

ఆ ఏడాది ఏప్రిల్ 1కి ముందు ప్రచురించిన చివరి జనాభా లెక్కల ప్రకారం. ఇప్పటికీ 2011వే. మీ ఊరి కమిషనర్ ఇప్పుడు లక్షా ఇరవై వేలు ఉన్నాం అని చెప్పినా, బోర్డు మీద రాసినా, 2011లో లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లే. ఇంకో చిక్కు, మున్సిపాలిటీ జనాభా చూడాలి, చుట్టుపక్కల ఊళ్ళు కలిపిన పట్టణ సముదాయం లెక్క కాదు. చీరాల ఉంది చూడండి, 2011లో మున్సిపాలిటీ వరకు లక్ష లోపే, సముదాయం తీసుకుంటే లక్ష బాగా దాటుతుంది. అక్కడ 2 కిలోమీటర్లా 6 కిలోమీటర్లా అన్నది ఏ పట్టిక తీశారు అన్న దాని మీద ఆధారపడుతుంది. మున్సిపాలిటీ పట్టిక తీయాలి. బాపట్ల డెబ్భై వేల పైచిలుకు, కాబట్టి 2. చిలకలూరిపేట లక్షా వెయ్యి పైన, అంచున దాటింది, అందుకే 6.

ఇప్పుడు 2027లో జనాభా లెక్కింపు ఉంది. ఆ అంకెలు ప్రచురించాక, ఆ తర్వాత వచ్చే ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్క. లక్షకి దగ్గర్లో ఉన్న ఊళ్ళు దాటితే ఆ ఊరి చుట్టూ 2 కిలోమీటర్లు ఒక్కసారిగా 6 అవుతుంది, చీరాల లాంటి ఊళ్ళ చుట్టూ పొలాలున్నవాళ్ళు దీన్ని గమనిస్తూ ఉండండి. ఆ మధ్యలో అమ్మాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, రిజిస్ట్రేషన్ తేదీ మార్చి 31 లోపు పడుతుందా తర్వాత పడుతుందా అన్నది కూడా చూసుకోండి.

అడంగల్ కాపీలు తెచ్చినవాళ్ళు ఇటు పక్కకి రండి, ఒక్కొక్కరిదీ చూస్తాను.